వెనక మెట్ల తలుపుకి తాళం పడితే

దిల్‌సుఖ్‌నగర్‌లో మూడంతస్తుల భవనం ఒకటి ఉందనుకుందాం. కింద బట్టల దుకాణం, మొదటి అంతస్తులో బిర్యానీ రెస్టారెంటు, పైన కోచింగ్ సెంటరు. ఓనరు ఒక సాయంత్రం వాటర్ ట్యాంకు చూద్దామని వెనక మెట్లెక్కబోతే దారికి అడ్డంగా ఉల్లిగడ్డ బస్తాలు, ఖాళీ నూనె డబ్బాలు. రెస్టారెంటు నుంచి ఆ మెట్ల మీదకి తెరుచుకునే తలుపుకి లోపల తాళం. అడిగితే మేనేజరు, "సామాన్లు పోతున్నాయి సార్, అందుకే వేశాం" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ 2017 డిసెంబరు 29న ముంబై కమలా మిల్స్‌లోని రెస్టారెంట్లలో మంటలు లేచినప్పుడు 14 మంది చనిపోయారు. బయటపడే దారి దొరక్క బాత్‌రూముల్లోకి వెళ్లినవాళ్లకి ఊపిరాడలేదు. ఆ కేసులో రెస్టారెంటు నడిపినవాళ్లనే కాదు, ఆ ఆవరణ యజమానులనూ పోలీసులు నిందితులుగా చూపించారు. అద్దెకిచ్చేశాం కదా, ఇక లోపల ఏం జరిగినా మాకు సంబంధం లేదనుకునే యజమానులు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇలాంటప్పుడు ఓనర్లు మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. ఫోనులో గట్టిగా నాలుగు మాటలని ఊరుకుంటారు, లేదా కోపమొచ్చి కరెంటు తీయించి షట్టరుకి తాళం వేస్తారు. మొదటిదానికి సాక్ష్యం మిగలదు. రెండోదాంతో తప్పు ఓనరు మీదకి తిరుగుతుంది. కోర్టు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయించిన అద్దెదారు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి మళ్లీ స్వాధీనం తెచ్చుకోవచ్చు. ఆ దావాలో భవనం ఎవరిదన్న ప్రశ్నే రాదు.

అసలు దారి నోటీసు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 114ఎ అనే సెక్షన్ ఉంది, 1929లో చేర్చారు. షరతు మీరినందుకు లీజు రద్దయిందంటూ ఖాళీ చేయించే దావా వేయాలంటే, ముందు లిఖితపూర్వకంగా నోటీసివ్వాలని అది చెబుతుంది. ఏ షరతు ఎలా మీరారో అందులో విడిగా చెప్పాలి. సరిదిద్దగలిగిన తప్పయితే సరిదిద్దమని అడగాలి. సమంజసమైన సమయం గడిచినా సరిదిద్దకపోతేనే దావాకి దారి తెరుచుకుంటుంది. అద్దె ఎగ్గొట్టడం, మరొకరికి తిరిగి అద్దెకివ్వడం వంటి వాటికి ఈ సెక్షన్ వర్తించదు. నిప్పు భద్రత షరతులకి వర్తిస్తుంది.

సమంజసమైన సమయమంటే ఎన్ని రోజులో చట్టం చెప్పలేదు. చాలా నోటీసులు చెడిపోయేది ఇక్కడే. వకీలు అలవాటు ప్రకారం "పదిహేను రోజుల్లోగా అన్నీ సరిచేయవలెను" అని ఒకే గడువు రాసేస్తారు. తాళం తీయడానికి పదిహేను రోజులెందుకు? వంటగది వైరింగంతా మార్చడానికి పదిహేను రోజులెలా సరిపోతాయి? మొదటిది ప్రమాదాన్ని రెండు వారాలు అలాగే ఉండనిస్తుంది, రెండోది అద్దెదారుకి చేయలేని పని అప్పగిస్తుంది. ఒక్కో తప్పుకి విడిగా గడువు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

మన ఉదాహరణకే వద్దాం. ఓనరు ముందు లీజు దస్తావేజు తీసి చదవాలి. తనిఖీకి ఒక రోజు ముందు చెప్పాలని అందులో ఉంటే, అలాగే చెప్పి వెళ్లాలి. వెళ్లినప్పుడు తేదీ పడేలా ఫోటోలు తీసి, చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి మేనేజరు చేత సంతకం పెట్టించుకుంటే తర్వాత మాట మారదు. సంతకం పెట్టనంటే ఆ సంగతి కూడా రాసుకుని, వెంట వచ్చిన సాక్షి చేత సంతకం చేయించాలి.

తనిఖీలో నాలుగు విషయాలు బయటపడ్డాయనుకుందాం. తలుపు సంగతి తెలిసిందే. దానికి ఇవ్వాల్సింది 24 గంటలు, అంతకు మించి అక్కర్లేదు. దొంగతనాల భయానికి జవాబుంది: లోపలి నుంచి తోస్తే తెరుచుకుని, బయటి నుంచి తెరవడానికి వీల్లేని పానిక్ బార్ బిగించుకోవచ్చు. నోటీసులో ఆ మాట కూడా రాస్తే మేనేజరు చెప్పిన కష్టాన్ని ఓనరు విన్నట్టు ఉంటుంది.

రెండోది గ్యాస్. వెనక ఆరుబయట జాలీ గదిలో నాలుగు సిలిండర్లకి మించి ఉంచకూడదని లీజులో ఉంది. లెక్కపెడితే తొమ్మిదున్నాయి, అందులో అయిదు వంటగది నడవాలో. హోటళ్లకిచ్చే సిలిండరులో 19 కిలోల గ్యాస్ ఉంటుంది కాబట్టి తొమ్మిదింటికి 171 కిలోలు. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాల ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగింది 100 కిలోల దాకానే. అంటే ఇక్కడ లీజుతో పాటు నియమమూ మీరారు. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు. నేల వెంట పాకి మెట్ల మీదుగా కిందికి, అంటే బట్టల దుకాణంలోకి దిగుతుంది. ఖాళీవని పక్కన పెట్టినవాటిలోనూ కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. డీలరు బండి వచ్చి తీసుకెళ్లాలి కాబట్టి 48 గంటలివ్వడం న్యాయం. అయితే నడవాలోవాటిని మాత్రం అదే రోజు బయటికి తరలించాలి.

మూడోది పొయ్యిల పైనున్న పొగగొట్టం. అందరూ డక్ట్ అంటారు. మూడు నెలలకోసారి శుభ్రం చేయించి రశీదు దాచాలని లీజు షరతు. రశీదుల్లేవు. జాలీ మీద వేలు పెడితే జిడ్డు పేరుకుని ఉంది, అతుకుల దగ్గర నూనె కారుతోంది. వేపుడు పొయ్యి మంట ఎగసినప్పుడు ఫ్యాన్ దాన్ని లోపలికి లాగితే ఆ జిడ్డు అంటుకుంటుంది. కిందున్న వంటవాడికి మంట కనపడేలోపే అది డక్ట్ వెంట కోచింగ్ సెంటరు కిటికీల దాకా పోగలదు. శుభ్రం చేసేవాళ్లు రాత్రి హోటలు మూశాకే పని చేయగలరు, వాళ్లు దొరకాలి కూడా. పది రోజులు సబబు. ఆ పది రోజులూ ఆ డక్ట్ కింద వేపుడు పొయ్యి వెలిగించకూడదని నోటీసులో రాయాలి.

నాలుగోది వైరింగ్. లీజు తర్వాత రెండు డీప్ ఫ్రీజర్లు, ఒక పెద్ద ఓవెన్ కొత్తగా వచ్చాయి. అన్నీ ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీదే నడుస్తున్నాయి. ఒక బోర్డు ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగింది, అంటే కాలడం మొదలైనట్టే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ లోడు లెక్కగట్టాలి, కేబుల్ మార్చాలి, అవసరమైతే విద్యుత్ సంస్థ దగ్గర లోడు పెంచుకోవాలి. ముప్పై రోజులివ్వాలి. ఆ బోర్డుల మీద నడిచే పరికరాలు మాత్రం నోటీసు అందిన రోజునే ఆపాలి.

చివరి రెండింటిలో చేసింది గమనించండి. పని పూర్తికి ఎక్కువ రోజులిచ్చాం, ప్రమాదాన్ని ఆపడానికి మాత్రం ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. రెంటినీ వేరుచేస్తేనే గడువు ఇటు అద్దెదారుకీ, అటు పైన చదువుకునే పిల్లలకీ న్యాయంగా ఉంటుంది. అద్దెదారు చేతిలో లేని పనికి కూడా ఇలాగే ఆలోచించాలి. అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ రెన్యువల్ కావాల్సి వస్తే, పదిహేను రోజుల్లో దరఖాస్తు పెట్టి రశీదు చూపమనాలి. శాఖవాళ్లు ఎప్పుడిస్తారన్నది అద్దెదారు చేతిలో లేదు.

ఓనరు తన వాటా కూడా చూసుకోవాలి. మీటరు ప్యానెల్, ఉమ్మడి మెట్ల దీపాలు, పైకప్పు మీది నీళ్ల ట్యాంకు ఆయనవే అయితే, వాటి లోపాలు అద్దెదారు ఖాతాలో రాయకూడదు. రాస్తే మిగతా నాలుగు నిజమైన తప్పుల బరువూ తగ్గిపోతుంది.

ఇక నోటీసు భాష. "అగ్నిమాపక నిబంధనలు పాటించడం లేదు" అన్న వాక్యం 114ఎ సెక్షన్‌కి సరిపోదు, ఏ తప్పో అందులో తెలియదు. ఇలా ఉండాలి:

"మార్చి 4న మీ మేనేజరు సమక్షంలో తనిఖీ చేయగా, మొదటి అంతస్తు వంటగది నుంచి వెనక మెట్లకు వెళ్లే తలుపుకు లోపల తాళం వేసి ఉంది. మెట్ల మీద బస్తాలు, డబ్బాలు ఉన్నాయి. ఇది లీజు 12వ షరతుకు విరుద్ధం. ఈ నోటీసు అందిన 24 గంటల్లోగా తాళం తీసి, మెట్లు ఖాళీ చేయవలసినదిగా కోరుతున్నాను. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే బార్ అమర్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అయిదవ తేదీన తీసిన రెండు ఫోటోలు జతపరిచాను."

మిగతా మూడూ ఇదే వరసలో: ఎక్కడ, ఏమిటి, ఏ షరతు, ఏం చేయాలి, ఎప్పటిలోగా. చివర మళ్లీ తనిఖీకి వచ్చే తేదీ, ఇబ్బంది ఉంటే గడువులోగా రాతపూర్వకంగా చెప్పవచ్చన్న మాట ఉండాలి. ఫోటో తేదీ తనిఖీ తేదీ ఒకటి కాకపోతే పై నమూనాలోలాగా విడిగా చెప్పాలి, లేదంటే అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. లీజు రద్దు చేస్తానన్న బెదిరింపు ఈ కాగితంలో అక్కర్లేదు. "సరిదిద్దకపోతే లీజు, చట్టం ప్రకారం నాకున్న హక్కులు వాడుకుంటాను" అంటే చాలు. రద్దు చేయదలచినట్టు తెలిపే నోటీసు తర్వాతి మెట్టు. షరతు మీరితే ఓనరు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చని లీజులో స్పష్టంగా రాసి ఉంటేనే 111(జి) సెక్షన్ కింద ఆ మెట్టెక్కగలరు. ఆ వాక్యం లేని లీజులు మన దగ్గర బోలెడు. అద్దె నియంత్రణ చట్టం పరిధిలోకొచ్చే భవనాలకి దారి వేరు, అది ముందే కనుక్కోవాలి.

గడువు లెక్క నోటీసు అందిన రోజు నుంచి కాబట్టి అందినట్టు రుజువుండాలి. నేరుగా ఇచ్చి సంతకం తీసుకోవడం మేలు. దానితో పాటు లీజులో ఉన్న చిరునామాకి, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో తపాలాలోనూ పంపాలి. వాట్సాప్‌లో పంపడం అదనం, అదొక్కటే చాలదు.

గడువు నడుస్తుండగా అద్దె వస్తే తీసుకోవచ్చా? ఇక్కడ జాగ్రత్త కావాలి. రద్దుకి కారణం ఏర్పడిందని తెలిసీ ఆ తర్వాత బాకీపడ్డ అద్దె తీసుకుంటే ఆ హక్కు వదులుకున్నట్టేనని 112వ సెక్షన్ చెబుతుంది. సరిదిద్దుకునే గడువులో లీజు కొనసాగాలన్నదే ఉద్దేశం కాబట్టి, "ఉల్లంఘనలపై నా హక్కులు వదులుకోకుండా" అని రశీదు మీద రాసి తీసుకోవచ్చు. గడువు దాటి, ఖాళీ చేయించాలనే నిర్ణయానికొచ్చాక మాత్రం వకీలుని అడగకుండా ఒక్క నెల అద్దె కూడా తీసుకోకూడదు.

తాళం 24 గంటల్లో తీయకపోతే ముప్పై రోజులూ కూర్చుని చూడక్కర్లేదు. అగ్నిమాపక శాఖకీ మునిసిపాలిటీకీ నోటీసు నకలుతో ఫిర్యాదు చేయవచ్చు. అద్దెదారు మూడు పనులు పూర్తి చేసి, కేబుల్ ఆర్డరు రశీదు చూపిస్తూ మరో పది రోజులడిగితే ఇవ్వాలి, అదీ కొత్త తేదీ వేసి రాతలోనే. ఎక్స్‌టెన్షన్ బోర్డులు అప్పటిదాకా ఆగే ఉండాలి.

మళ్లీ తనిఖీ రోజున ఓనరు తలుపు దగ్గర నిలబడి, మేనేజరునే తోయమనాలి. డక్ట్ జాలీ మీద మళ్లీ వేలు పెట్టి చూడాలి, సిలిండర్లు మళ్లీ లెక్కపెట్టాలి. ఎలక్ట్రీషియన్ ఇచ్చిన పత్రంలో కొత్త లోడు ఎంతో, కేబుల్ సైజు ఎంతో చదవాలి. సరిచేసినవి సరిచేసినట్టు అద్దెదారుకి ఒక ఉత్తరం రాసి, దాని నకలు లీజు దస్తావేజుతో పాటు ఫైల్లో పెట్టుకోవాలి.