156 కిలోజౌల్స్ ఎక్కడికి పోయాయి?

మెకానికల్ ఫైనలియర్ కుర్రాణ్ణి ర్యాంకిన్ సైకిల్ సామర్థ్యానికి సూత్రం అడగండి, ఠక్కున చెబుతాడు. టర్బైన్ నుంచి బయటికొచ్చే ఆవిరిలో తడి ఎంతుందో లెక్క కట్టమనండి, పెన్ను ఆగిపోతుంది. ‘నాకు సైకిల్స్ రావు’ అనుకుంటాడు. నిజానికి అతనికి రానిది ఎంట్రోపీ. రెండో ఏడాదిలో ఆ అధ్యాయాన్ని గట్టెక్కితే చాలనుకుని దాటేశాడు. ఇప్పుడు గేట్ ముందో, ఇంటర్వ్యూ ముందో అదే అడ్డం పడుతోంది. కాబట్టి రెంటినీ వేర్వేరుగా చదవకుండా ఒకే దారాన గుచ్చే నాలుగు వారాల ప్రణాళిక ఇది. రోజుకు రెండు గంటలు చాలు.

మొదటి వారం: సైకిల్ ఊసే వద్దు

ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. వేడి లోపలికీ బయటికీ పోని పెట్టెలో సగం భాగంలో ఒక మోల్ వాయువు, మిగతా సగం శూన్యం. అడ్డుగోడ తీసేస్తే వాయువు పెట్టె అంతా పరుచుకుంటుంది. ఎంట్రోపీ మార్పు ఎంత? వేడి సున్నా కనుక మార్పూ సున్నా అని రాశారంటే రోగం దొరికినట్టే. సరైన జవాబు కెల్విన్‌కు 5.76 జౌల్స్ పెరుగుదల. వేడిని ఉష్ణోగ్రతతో భాగించే పద్ధతి తిరిగి వెనక్కు నడిపించగల ప్రక్రియకే చెల్లుతుంది. ఇది అలాంటిది కాదు. అందుకే అవే రెండు స్థితుల మధ్య వెనక్కు నడిపించగల ఇంకో దారిని ఊహించుకుని, దాని వెంట లెక్క కట్టాలి.

రెండో లెక్క మరీ ముఖ్యం. 600 కెల్విన్ దగ్గరున్న వేడి మూలం నుంచి 300 కెల్విన్ దగ్గరున్న దానికి 1200 కిలోజౌల్స్ వేడి నేరుగా పోయింది. వేడిది 2 యూనిట్ల ఎంట్రోపీ పోగొట్టుకుంది, చల్లనిది 4 పొందింది. కొత్తగా పుట్టినవి 2. అదే వేడిని మధ్యలో కార్నో ఇంజన్ పెట్టి పంపితే 600 కిలోజౌల్స్ పని వచ్చేది, ఎంట్రోపీ ఏమీ పుట్టేది కాదు. చేజారిన పని 600. పుట్టిన ఎంట్రోపీ 2ని చల్లటి వైపు ఉష్ణోగ్రత 300తో గుణించినా అదే 600. ఈ సమానత్వాన్ని గోడ మీద రాసుకోండి. నాలుగు వారాలూ దీని చుట్టూనే తిరుగుతాం.

ఈ వారంలో ఇలాంటివి ఇరవై లెక్కలు చేయండి: వేడి ఇనుప దిమ్మెను నీళ్లలో ముంచడం, వేడినీళ్లూ చన్నీళ్లూ కలపడం వంటివి. ప్రతిదానిలో వస్తువుది, పరిసరాలది, మొత్తానిది అని మూడు వరుసలు రాయండి. వస్తువు ఎంట్రోపీ తగ్గవచ్చు, మొత్తం మాత్రం తగ్గకూడదు. మొత్తం రుణసంఖ్య వస్తే సెల్సియస్‌ను కెల్విన్‌కు మార్చారో లేదో ముందు చూసుకోండి.

రెండో వారం: ఆవిరి పట్టికలు

ఆవిరికి ఆదర్శ వాయువు సూత్రాలు వాడటం చాలామంది చేసే తప్పు. ఈ వారం పని ఒక్కటే. రెండు స్వతంత్ర ధర్మాలు ఇవ్వగానే అది నీరా, తడి ఆవిరా, సూపర్‌హీటెడ్ ఆవిరా అన్నది నిమిషంలో తేల్చడం. తేల్చాక ఉష్ణోగ్రత–ఎంట్రోపీ పటం మీద చేత్తో చుక్క పెట్టండి. గుమ్మటం గీసి చుక్క లోపలో బయటో చూపించకుండా ఏ లెక్కా మొదలుపెట్టకండి. రోజుకు పది స్థితులు చాలు.

మూడో వారం: ఒకే ర్యాంకిన్, రెండుసార్లు

పది ప్లాంట్ల లెక్కలు పైపైన చేయడం కంటే ఒక ప్లాంటును లోతుగా చేయండి. బాయిలర్ నుంచి ఆవిరి 3 మెగాపాస్కల్, 400 డిగ్రీల దగ్గర వస్తోంది. కండెన్సర్ 10 కిలోపాస్కల్ దగ్గర, అంటే సుమారు 46 డిగ్రీల వద్ద పనిచేస్తోంది. ఇకపై ప్రతి అంకే కిలో ఆవిరికి.

టర్బైన్‌లోకి వచ్చే ఆవిరి ఎంథాల్పీ 3231.7, ఎంట్రోపీ 6.9235. టర్బైన్ ఆదర్శమైతే బయటికొచ్చే ఆవిరికీ అదే ఎంట్రోపీ. 10 కిలోపాస్కల్ దగ్గర నీటి ఎంట్రోపీ 0.6492, ఆవిరిగా మారేటప్పుడు పెరిగేది 7.4996. కాబట్టి:

x = (6.9235 − 0.6492) / 7.4996 = 0.837

అంటే వందలో 84 పాళ్లు ఆవిరి, 16 పాళ్లు నీటి తుంపర. పెన్ను ఆగిపోయిన చోటు ఇదే. ఎంట్రోపీ లేకుండా ఈ అంకె రాదు. దీన్నిబట్టి ఎంథాల్పీ 2193, టర్బైన్ పని 1039 కిలోజౌల్స్. పంపు తినేది 3 మాత్రమే. బాయిలర్‌లో ఇచ్చిన వేడి 3037. సామర్థ్యం 34 శాతం.

ఇప్పుడు టర్బైన్ ఐసెంట్రోపిక్ సామర్థ్యం 85 శాతం అనుకుని మళ్లీ చేయండి. పని 883కి పడిపోతుంది, సైకిల్ సామర్థ్యం 29 శాతానికి దిగుతుంది. చేజారింది 156 కిలోజౌల్స్. ఇక్కడ చాలామంది ఎంథాల్పీ తేడాను 0.85తో గుణించాల్సింది పోయి భాగిస్తారు. అలా చేస్తే ఆదర్శ టర్బైన్ కన్నా ఎక్కువ పని వస్తుంది, అదే తప్పుకు గుర్తు. గుణించడం టర్బైన్‌కు, భాగించడం పంపుకూ కంప్రెసర్‌కూ.

బయటికొచ్చే ఆవిరి ఎంట్రోపీ ఇప్పుడు 7.412. వేడి ఎటూ పోలేదు, అయినా 0.488 పుట్టింది. వేడి పోనంత మాత్రాన ఎంట్రోపీ మారకుండా ఉండదని మొదటి వారం పెట్టె చెప్పింది ఇదే. కండెన్సర్ ఉష్ణోగ్రత 319 కెల్విన్. 319ని 0.488తో గుణించండి: 156. పోయిందనుకున్న పని అదనపు వేడిగా కండెన్సర్ నీళ్లలో కలిసింది. పరిసరాల ఉష్ణోగ్రత విడిగా ఇచ్చి నశించిన ఎక్సర్జీ ఎంతని అడిగితే మాత్రం ఆ ఉష్ణోగ్రతతోనే గుణించాలి.

నాలుగో వారం: గ్యాస్ టర్బైన్, ఆపై పరీక్ష

మొదటి మూడు రోజులు బ్రేటన్ సైకిల్‌కు ఇవ్వండి. గాలి 300 కెల్విన్ దగ్గర లోపలికి వస్తుంది, పీడన నిష్పత్తి 8, టర్బైన్ ముందు 1300 కెల్విన్. ఆదర్శంగా టర్బైన్ ఇచ్చే పనిలో 42 శాతాన్ని కంప్రెసరే తినేస్తుంది. ఆవిరి ప్లాంటులో పంపు తిన్నది శాతంలో మూడో వంతు కూడా లేదు. కంప్రెసర్, టర్బైన్ రెండూ 80 శాతం సామర్థ్యానికి దిగితే నికర పని 341 నుంచి 162 కిలోజౌల్స్‌కు, అంటే సగానికన్నా తక్కువకు కూలిపోతుంది. రెండు పెద్ద అంకెల తేడా మీద బతికే సైకిల్ కనుక చిన్న లోపం కూడా అంత నష్టం చేస్తుంది. ఆటో, డీజిల్ సైకిళ్లకు ఒక్కో రోజు చాలు. ఎక్కడ వేడి స్థిర ఘనపరిమాణంలో వస్తోంది, ఎక్కడ స్థిర పీడనంలో వస్తోందో పటంలో గీయగలిగితే సూత్రాలు వాటంతటవే వస్తాయి.

చివరి రెండు రోజుల్లో పాత ప్రశ్నపత్రాలు సమయం పెట్టుకుని చేయండి. గేట్ రాసేవారు తెర మీది వర్చువల్ కాలిక్యులేటర్‌తోనే సాధన చేయాలి, హాల్లో చేతి కాలిక్యులేటర్ ఉండదు. తప్పులను సూత్రం తప్పు, పట్టిక తప్పు, యూనిట్ తప్పు అని మూడు కుప్పలుగా వేయండి. ఏ కుప్ప పెద్దదైతే ఆ వారానికి ఒక పూట వెనక్కు వెళ్లండి.

ఆఖరి సాయంత్రం కొత్తది ఏదీ ముట్టుకోవద్దు. పుస్తకం మూసి, పట్టికలు మాత్రం దగ్గర పెట్టుకుని, మూడో వారం ప్లాంటును మొదటినుంచి చేయండి. చివర్లో 156 వచ్చి, అది ఎక్కడికి పోయిందో పక్కవాడికి రెండు వాక్యాల్లో చెప్పగలిగితే మీకు ఎంట్రోపీ వచ్చినట్టే. అంకె వచ్చి కారణం చెప్పలేకపోతే మీరు తిరిగి చదవాల్సింది మూడో వారం కాదు, మొదటిది.