ఖాళీగా వదిలేసిన ఫారం: పెన్షన్ పొదుపులో డిఫాల్ట్ ప్రభావం

సంప్రదాయ అర్థశాస్త్రం ఊహించే ఉద్యోగి బాగా లెక్క తెలిసినవాడు. సంపాదించే వయసులో కొంత దాచి, పని చేయలేని వయసులో దాంతో బతకాలనుకుంటాడు. ఎంత దాచాలో తన జీతం, వయసు, పన్నులు, కంపెనీ కలిపే వాటా చూసుకుని తేల్చుకుంటాడు. అలాంటి మనిషి నిర్ణయాన్ని ఒక్క విషయం మాత్రం మార్చకూడదు. తాను ఏమీ చేయకుండా ఊరుకుంటే ఏం జరుగుతుందన్నదే ఆ విషయం. పథకంలో చేరాలంటే ఫారం నింపమన్నా, చేరడం ఇష్టం లేకపోతే ఫారం నింపమన్నా, అతని ముందున్న దారులు అవే, లాభనష్టాలూ అవే. నింపాల్సింది ఒకటి రెండు కాగితాలే కాబట్టి రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉద్యోగులు చేరాలి.

ఉద్యోగి ఊరుకున్నప్పుడు దానంతటదే అమలయ్యే ఏర్పాటును డిఫాల్ట్ అంటారు. మిగతా షరతులన్నీ అలాగే ఉంచి డిఫాల్ట్‌ను మాత్రమే మారిస్తే, పై ఊహ నిలుస్తుందో లేదో తేలుతుంది. ఇలాంటి పరీక్షకు మంచి అవకాశం అమెరికాలోని ఒక పెద్ద కంపెనీలో దొరికింది. బ్రిజిట్ మాడ్రియన్, డెనిస్ షే ఆ కంపెనీ రికార్డులను పరిశీలించి 2001లో ప్రచురించిన వ్యాసం ప్రవర్తనా అర్థశాస్త్రంలో మైలురాయిగా నిలిచింది.

అమెరికాలో ప్రైవేటు ఉద్యోగుల పదవీ విరమణ పొదుపు ఎక్కువగా 401(కె) అనే ఖాతాల ద్వారా సాగుతుంది. అక్కడ పనిచేసే తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇది బాగా తెలిసిన పేరే. జీతంలో కొంత శాతం పన్ను పడకముందే ఖాతాలోకి వెళ్తుంది, చాలా కంపెనీలు దానికి తమ వాటా కలుపుతాయి. ఆ కంపెనీలో 1998 ఏప్రిల్ 1 వరకూ కొత్త ఉద్యోగి ఏడాది ఆగాక, తానే అడిగి చేరాల్సి వచ్చేది. ఆ రోజు నుంచి ఏడాది నిరీక్షణ అందరికీ పోయింది. కొత్తగా చేరినవారికి మరో మార్పు కూడా వచ్చింది. వద్దని చెబితే తప్ప వారి జీతంలో 3 శాతం కోసి, మనీ మార్కెట్ ఫండ్‌లో వేస్తారు. శాతాన్నీ ఫండ్‌నూ మార్చుకోవచ్చు, పూర్తిగా మానుకోవచ్చు కూడా. ఏప్రిల్‌కు ముందే ఉద్యోగంలో ఉన్నవారు మాత్రం పాత పద్ధతిలోనే తామే అడిగి చేరాలి.

అంటే మార్పుకు సరిగ్గా ఏడాది ముందు లోపల చేరినవారు, మార్పు తర్వాత చేరినవారు ఒకే కంపెనీలో, ఒకే పథకానికి, ఒకే అర్హతతో ఉన్నారు. తేడా డిఫాల్ట్‌లోనే ఉంది. ముందు చేరినవారిలో 49 శాతం మంది పథకంలోకి వచ్చారు. తర్వాత చేరినవారిలో 86 శాతం మంది ఉన్నారు. జీతం, వయసు, పన్ను చట్టం ఏవీ వివరించలేని తేడా ఇది.

అయినా అర్థశాస్త్రవేత్తలను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ సంఖ్య కాదు. కొత్తవారిలో పథకంలో ఉన్నవాళ్లు ఎంత శాతం, ఏ ఫండ్‌లో పెట్టారని చూస్తే అసలు సంగతి బయటపడింది. నలుగురిలో దాదాపు ముగ్గురు 3 శాతం దగ్గరే ఉండిపోయారు. పాత పద్ధతిలో తామే నిర్ణయించుకుని చేరినవారిలో ఆ శాతం ఎంచుకున్నవారు ఎనిమిది మందిలో ఒకరు. ఫండ్ విషయమూ అంతే. తక్కువ రాబడి, తక్కువ రిస్కు ఉండే మనీ మార్కెట్ ఫండ్‌ను తమంతట తాము పెద్దగా కోరుకోని జనం, కంపెనీ వేసిపెడితే అక్కడే ఉంచేశారు.

3 శాతం ఎందుకు విచిత్రమో ఒక లెక్క చెబుతుంది. ఆ కంపెనీ, జీతంలో 6 శాతం వరకూ ఉద్యోగి వేసే ప్రతి డాలరుకూ అర డాలరు కలిపేది. ఏడాదికి 40,000 డాలర్ల జీతగాడు, కంపెనీ వాటాకు అర్హత వచ్చాక కూడా 3 శాతం దగ్గరే ఉంటే 1,200 డాలర్లు వేస్తాడు, కంపెనీ 600 కలుపుతుంది. 6 శాతానికి మారితే 2,400 వేస్తాడు, కంపెనీ 1,200 కలుపుతుంది. మారకపోవడం వల్ల ఏటా 600 డాలర్ల కంపెనీ సొమ్ము చేజారుతుంది. ఈ 3 శాతానికి పెద్ద శాస్త్రీయ ఆధారమేమీ లేదు. 1998 మధ్యలో అమెరికా పన్నుల శాఖ ఇలాంటి పథకాలకు అనుమతినిస్తూ ఇచ్చిన ఉదాహరణలోనూ 3 శాతమే ఉంది. తర్వాత చాలా కంపెనీలు ఆ అంకెనే పట్టుకున్నాయి.

వివేకవంతుడైన మనిషి సిద్ధాంతాన్ని సమర్థించేవారు ఇక్కడితో ఓటమి ఒప్పుకోనక్కర లేదు. వారి మొదటి జవాబు శ్రమ ఖర్చు: ఫండ్‌ల గురించి చదవడానికి, ఫారం నింపడానికి సమయం పడుతుంది, తీరిక లేని మనిషి ఆ పనిని పక్కన పెట్టడం వివేకమే. కానీ అరగంట పనికి ఏటా 600 డాలర్లు వదులుకునే మనిషి తన సమయానికి కడుతున్న వెల ఎంతో లెక్కేస్తే ఈ జవాబు అంతగా నిలవదు. జేమ్స్ చోయ్, డేవిడ్ లైబ్సన్, మాడ్రియన్ ఇంకా గట్టి పరీక్ష పెట్టారు. అమెరికా చట్టం ప్రకారం 59 ఏళ్ల 6 నెలలు దాటినవారు ఈ ఖాతాలో సొమ్మును జరిమానా లేకుండా తీసుకోవచ్చు. అటువంటివారికి సొమ్ము ఇరుక్కుపోతుందన్న భయం లేదు. వేసి, కంపెనీ వాటా పుచ్చుకుని, వెంటనే తీసేసుకున్నా లాభమే. అయినా ఆ వయసువారిలో మూడో వంతుకు పైగా కంపెనీ పూర్తి వాటా వచ్చేంత వేయలేదు. కొందరికి ఎంత పోగొట్టుకుంటున్నారో లెక్క కట్టి చూపించినా వారి పొదుపు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. తెలియకపోవడం వల్లనే అన్న వాదనకు ఇది గట్టి దెబ్బ.

రెండో జవాబు మరింత తెలివైనది. డిఫాల్ట్‌ను ఉద్యోగి కంపెనీ సలహాగా తీసుకుంటాడని అది చెబుతుంది. పెద్ద కంపెనీ 3 శాతం, ఫలానా ఫండ్ అంటే ఏదో ఆలోచించే చెప్పి ఉంటుందని నమ్మడం వివేకానికి విరుద్ధం కాదు. దీనికి ఆధారం కూడా ఉంది. 1998కి ముందే ఉద్యోగంలో ఉండి, ఆటోమేటిక్ నియమం వర్తించనివారు కొందరు ఏప్రిల్ తర్వాత తామే అడిగి చేరారు. వారిలోనూ మనీ మార్కెట్ ఫండ్ వైపు మొగ్గు అంతకుముందు చేరినవారికంటే ఎక్కువగా కనిపించింది. వారు డిఫాల్ట్‌ను ఊరకే అంగీకరించలేదు, దాని నుంచి సూచన తీసుకున్నారు. కాబట్టి డిఫాల్ట్ ప్రభావం మొత్తాన్నీ బద్ధకానికి ఆపాదించే వ్యాసం తొందరపడినట్టే.

వాయిదా వేసే స్వభావం మూడో వివరణ. ఇది సిద్ధాంతాన్ని ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చోయ్ బృందం మరో పరిశీలనలో చూపింది. ప్రతి 100 మంది ఉద్యోగుల్లో 68 మంది తమ పొదుపు చాలదన్నారు. 24 మంది రాబోయే కొద్ది నెలల్లో పెంచుతామన్నారు. తర్వాతి నాలుగు నెలల్లో నిజంగా పెంచినవారు 3. ఇక్కడ మనిషి కోరికకూ చేతకూ మధ్యనే ఎడం ఉంది. ‘ఏం చేశాడో అదే అతని కోరిక’ అని చేతల నుంచి కోరికను చదివే సంప్రదాయ పద్ధతి ఈ ఎడం దగ్గర చిక్కుల్లో పడుతుంది. 49 శాతం మంది చేరిన పద్ధతి జనం కోరికను చెబుతోందా, 86 శాతం మంది మిగిలిన పద్ధతి చెబుతోందా? చేతలు మాత్రమే చూసేవారి దగ్గర దీనికి జవాబు లేదు. డిఫాల్ట్ ఏదీ లేకుండా, ఫలానా గడువులోగా చేరతారో లేదో తేల్చి చెప్పమని అడిగిన మరో కంపెనీలో, ఊరుకుంటే చేరనట్టే అనే పద్ధతికంటే 28 శాతం పాయింట్లు ఎక్కువమంది చేరారు. అడగకపోవడం వల్లనే చాలామంది బయట ఉండిపోయారని దీన్ని బట్టి తెలుస్తోంది.

అలాగని మనుషులు ఎటు తోస్తే అటు పోతారనుకుంటే అదీ తప్పే. బ్రిటన్‌లో ఒక కంపెనీ డిఫాల్ట్‌ను ఏకంగా జీతంలో 12 శాతంగా పెట్టింది. ఏడాది తర్వాత ఆ శాతం దగ్గర ఉన్నవారు నాలుగో వంతు మాత్రమే. దాదాపు 60 శాతం మంది, కంపెనీ వాటా పూర్తిగా వచ్చే తక్కువ శాతానికి దిగిపోయారు. జేబుకు బరువు తెలిసేంతగా ఉంటే జనం లేచి ఫారం నింపుతారన్నమాట. డిఫాల్ట్ బలం కొంత పరిధిలోనే పనిచేస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, వివేకం ఊహను పూర్తిగా గిరాటేయకుండా సరిదిద్దుకోవాలని చెప్పడానికి.

దేశస్థాయిలో పరీక్ష జరిగింది కూడా బ్రిటన్‌లోనే. 2012 అక్టోబరు నుంచి 22 ఏళ్లు నిండి, ఏడాదికి నిర్ణీత ఆదాయం దాటిన ఉద్యోగులందరినీ యజమానులే పెన్షన్‌లో చేర్చాలి. నచ్చకపోతే ఉద్యోగి నెలలోగా తప్పుకోవచ్చు, కానీ మూడేళ్లకోసారి మళ్లీ చేరుస్తారు. తప్పుకున్నవారు పది మందిలో ఒకరి చుట్టూ ఉన్నారు, ప్రభుత్వం ముందు ఊహించినదానికంటే బాగా తక్కువ. 2018, 2019లలో కనీస మొత్తాన్ని 2 నుంచి 5కూ, 5 నుంచి 8 శాతానికీ పెంచినప్పుడు కూడా తప్పుకునేవారి సంఖ్య పెద్దగా పెరగలేదు.

భారతదేశంలో ఉద్యోగుల భవిష్యనిధి ఈ పరీక్షకు పనికిరాదు. అర్హత ఉన్నవారికి అది తప్పనిసరి కనుక అక్కడ డిఫాల్ట్ లేదు, ఆజ్ఞ ఉంది. జాతీయ పెన్షన్ వ్యవస్థలో మాత్రం సొమ్ము ఎక్కడ పెట్టాలో చెప్పని చందాదారుకు వయసును బట్టి షేర్ల వాటా తగ్గే ‘ఆటో చాయిస్’ వర్తిస్తుంది. అది అసలైన డిఫాల్టే.

ఖాతాలో చేరిన సొమ్ము అంతా కొత్త పొదుపేనా అన్నది ఇంకా తేలని విషయం. ఉద్యోగి పెన్షన్‌లో వేసినంత మరోచోట అప్పు పెంచుకుంటే, ఉద్యోగం మారినప్పుడు ఖాతా ఖాళీ చేసుకుంటే, పథకం రికార్డులో కనిపించే పెరుగుదల ఇంటి మొత్తం లెక్కలో కరిగిపోతుంది. అమెరికా సైన్యంలో పనిచేసే పౌర ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో ఆటోమేటిక్ చేరికవల్ల క్రెడిట్ కార్డు అప్పుల్లాంటివి పెరిగినట్టు గట్టి ఆధారం దొరకలేదు కానీ, కారు, ఇంటి రుణాల్లో కొంత పెరుగుదల కనిపించింది. ఇటీవలి పరిశీలనలు ఉద్యోగం మారినప్పుడు బయటికి పోయే సొమ్మును కూడా లెక్కలోకి తెచ్చి, దీర్ఘకాలంలో నికర లాభం తొలి అంచనాలకంటే చిన్నదని తేల్చాయి. ఎంతమంది చేరారనే దాంట్లో డిఫాల్ట్ ప్రభావం ఖాయం. ముసలితనానికి మిగిలేదెంతో తేలాలంటే చేరినవారి ఖాతాలను అప్పులతోనూ, ఉద్యోగ మార్పులతోనూ కలిపి ఏళ్ల తరబడి చూడాల్సి ఉంటుంది.