పొగను కడిగే సున్నపురాయి

కడప జిల్లా ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1994 నుంచి అక్కడ బొగ్గుతో కరెంటు తయారవుతోంది. మన దేశపు బొగ్గులో గంధకం తక్కువే, నూటికి సుమారు అర వంతు. అయినా వెయ్యి టన్నుల బొగ్గు కాలితే అందులోని ఐదు టన్నుల గంధకం ఆక్సిజన్‌తో కలిసి పది టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఈ వాయువు ఆయాసం తెస్తుంది.

బూడిదను పట్టే యంత్రాలు దీన్ని ఆపలేవు. దీన్ని పొగలోంచి తీయడానికి తడి స్క్రబ్బర్ కావాలి. అదొక ఎత్తైన గోపురం. పొగ కిందినుంచి పైకి పోతుంటే, మెత్తగా నూరిన సున్నపురాయి కలిపిన నీళ్లు పైనుంచి జల్లులా పడతాయి. వాయువు ఆ నీటిలో కరిగి సున్నంతో కలుస్తుంది. అడుగున గాలి ఊదితే అది జిప్సం అవుతుంది. పది టన్నుల వాయువుకు సుమారు 16 టన్నుల సున్నపురాయి పడుతుంది, 27 టన్నుల జిప్సం వస్తుంది. బాగా నడిస్తే నూటికి తొంభై పాళ్లకు పైగా వాయువు పట్టుబడుతుంది.

ఆ నీటి ఆమ్లగుణాన్ని ఎప్పుడూ కొలుస్తూ ఉండాలి. పీహెచ్ 5కు, 6కు మధ్య నిలవాలి. తగ్గితే వాయువు తప్పించుకుంటుంది, పెరిగితే సున్నపురాయి కరగక వృథా అవుతుంది, పైపుల్లో గార కడుతుంది.

సున్నపురాయికి మన సీమలో కొదవ లేదు. జిప్సాన్ని ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలే వాడుకోగలవు. కొరత నీళ్లకే. వేడి పొగ తగిలి స్క్రబ్బర్ నీళ్లు నిత్యం ఆవిరవుతాయి. గాలి శుభ్రం కావాలంటే ఆ నీళ్లు పెన్నా లాంటి నదులనుంచే రావాలి.