చెవిలో కండ అదిరితే

ప్రశ్న: రాత్రి పడుకోగానే ఎడమ చెవిలో సీతాకోకచిలుక రెక్కలు కొట్టుకున్నట్టు టపటపమని చప్పుడు వస్తోంది. నాలుగైదు క్షణాలుండి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మొదలు. వంటింట్లో గిన్నె కిందపడినా వస్తుంది. పురుగు దూరిందేమోనని అత్తయ్య కొబ్బరినూనె కాచి పోశారు. తగ్గలేదు. ఎందుకిలా?

జవాబు: పురుగు దూరితే గిన్నె చప్పుడు కోసం ఎదురుచూడదు. ఉన్నంతసేపూ గీరుతూ, కదులుతూ ప్రాణం తీస్తుంది. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడ్డట్టు మొదలై, కాసేపు కొట్టుకుని ఆగిపోతోందంటే, ఎక్కువగా అది చెవి లోపలి కండ అదరడమే. కన్ను అదరడం మనందరికీ అనుభవమే కదా. ఇదీ ఆ జాతిదే. కాకపోతే కనురెప్ప అదిరితే చప్పుడు రాదు, ఇక్కడ వస్తుంది. ఎందుకో చూద్దాం.

కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయని బడిలో చదివాం: కూటకం, దాగలి, అంకవన్నె. వాటికి రెండు కండరాలున్నాయి. టెన్సర్ టింపానీ అనేది కూటకాన్ని లోపలికి లాగి కర్ణభేరిని బిగిస్తుంది. స్టెపీడియస్ అనేది అంకవన్నెను పట్టి ఆపుతుంది. ఈ రెండోది బియ్యపు గింజంత పొడవుంటుంది. ఎముకలను కదిలించే కండరాలన్నిటిలోకీ ఇదే చిన్నది. పెద్ద శబ్దం వచ్చినప్పుడు స్టెపీడియస్ బిగుసుకుని లోపలికి వెళ్లే తాకిడిని తగ్గిస్తుంది. నమిలేటప్పుడు, ఉలిక్కిపడినప్పుడు టెన్సర్ టింపానీ బిగుసుకుంటుంది. ఇప్పుడే కళ్లు గట్టిగా మూసి చూడండి. కొందరికి చెవిలో దూరపు ఉరుములా గుర్రుమని వినిపిస్తుంది. అందులో ఈ కండరానికీ పాత్ర ఉంది.

పని లేనప్పుడు కూడా ఇవి పదేపదే బిగిసి వదులుతుంటే కర్ణభేరో, ఎముకల గొలుసో లోపలి నుంచి కదులుతుంది. వినడానికే ఉన్న పరికరాన్ని లోపలి నుంచి మీటితే వినపడకుండా ఎలా ఉంటుంది? బయట సద్దుమణిగిన రాత్రివేళ మరీ బాగా వినపడుతుంది. నిద్ర చాలకపోవడం, ఆందోళన, కాఫీలు ఎక్కువవడం కొందరిలో దీన్ని పెంచుతాయి.

చెవి డాక్టరు మొదట గులిమి గానీ, కర్ణభేరిని తాకే వెంట్రుక గానీ ఉందేమో చూస్తారు. వాటివల్ల కూడా టిక్కుటిక్కు మంటుంది. తర్వాత మైక్రోస్కోపులో కర్ణభేరిని చూస్తూ, "చప్పుడు వచ్చినప్పుడు చెప్పండి" అంటారు. మీరు చెప్పిన క్షణంలోనే అది చిన్నగా ఎగిరితే విషయం తేలిపోతుంది. టింపనోమెట్రీ యంత్రంతో అరనిమిషం పాటు గీత గీయించినా, చప్పుడు వేళకు ఆ గీత రంపపు పళ్లలా లేస్తుంది. పరీక్ష సమయంలో చప్పుడే రాకపోతే ఏమీ కనపడకపోవచ్చు. అంతమాత్రాన మీకు వినపడింది భ్రమ కాదు. భ్రమే అని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోకండి.

చాలామందికి సంగతి తెలిశాక భయం తగ్గి, చప్పుడూ తగ్గుతుంది. తగ్గనివారికి మందులున్నాయి. క్లోనజెపామ్ వంటివి మత్తునిస్తాయి, అలవాటవుతాయి కూడా, కాబట్టి సొంతంగా కొనకూడదు. ఏ మందుకూ లొంగక బతుకు దుర్భరమైనవారికి ఆ కండరాల స్నాయువును కత్తిరించే ఆపరేషన్ ఉంది. అది చిట్టచివరి మాట.

మరి ఎప్పుడు పట్టించుకోవాలి? టపటపకు బదులు గడియారంలా క్రమం తప్పని టక్కు టక్కు వినిపిస్తూ, పక్కన కూర్చున్నవారికి కూడా వినపడుతుంటే అద్దం ముందు నోరు తెరిచి కొండనాలుక చుట్టుపక్కల చూసుకోండి. అంగిలి మెత్తని భాగం అదే లయలో ఎగురుతుంటే కదులుతున్నది అంగిలి కండరం. చాలాసార్లు అదీ ప్రమాదం లేనిదే. కానీ కొందరిలో మెదడు కాండానికి, చిన్నమెదడుకు మధ్య ఉన్న నాడీమార్గం దెబ్బతిన్నప్పుడు ఇలా అవుతుంది. మాట ముద్దగా రావడం, నడక తూలడం తోడైతే ఎమ్మారై తప్పదు. చప్పుడుతో పాటు అదే వైపు కన్ను, పెదవి మూల లాగుతుంటే ముఖనాడిని చూడాలి, ఎందుకంటే స్టెపీడియస్‌ను నడిపేది ఆ నాడే. మణికట్టు మీద నాడి పట్టుకుని చూసినప్పుడు చప్పుడు సరిగ్గా నాడితో కలిసి పడుతుంటే అది కండ అదరడం కాకపోవచ్చు. రక్తనాళాల పరీక్ష చేయించాలి.

మీ లేఖలో ఇవేవీ లేవు. ఒకసారి చెవి చూపించుకోండి. ఈలోగా నూనె, పిన్నీసు వద్దని అత్తయ్యగారికి చెప్పండి. కర్ణభేరికి చిల్లుంటే నూనె నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది. ఎప్పుడైనా చప్పుడుతో పాటు ఆ చెవికి వినికిడి ఉన్నట్టుండి తగ్గిపోతే మాత్రం తెల్లారనీ అనుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.