రాత్రి దాటిన డాలరు: రోలోవర్ వడ్డీపై అపోహలు – వాస్తవాలు

విదేశీ మారక మార్కెట్‌లో ఒక కరెన్సీని కొనడమంటే మరో కరెన్సీని అమ్మడమే. చేతిలో లేని కరెన్సీని అమ్మినవాడు దాన్ని అప్పు తెచ్చుకున్నట్టు లెక్క. కొన్న కరెన్సీకి వడ్డీ వస్తుంది, అప్పు తెచ్చిన కరెన్సీకి వడ్డీ కట్టాలి. స్పాట్ లావాదేవీలో సొమ్ము నిజంగా చేతులు మారేది సాధారణంగా రెండు పనిదినాల తర్వాత. ఆ గడువును రేపటికి, ఎల్లుండికి జరుపుకుంటూ పోవడమే రోలోవర్. జరిపిన ప్రతిసారీ ఆ రెండు వడ్డీల తేడా ఖాతాలో జమగానో ఖర్చుగానో పడుతుంది. వ్యాపార భాషలో దీన్నే స్వాప్ అంటారు. విషయం ఇంతే అయినా, దీని చుట్టూ అల్లుకున్న అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: రోలోవర్ అనేది బ్రోకర్ ఇష్టానుసారం వేసే రుసుము, లేదా దయతలచి ఇచ్చే బోనస్.

లెక్కకు మూలం రెండు దేశాల వడ్డీ రేట్లు. 2024 జులైలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ రేటు 5.25–5.50 శాతం మధ్య ఉంది. జపాన్ కేంద్ర బ్యాంకు రేటు సున్నాకు, 0.1 శాతానికి మధ్యన ఉంది. తేడా సుమారు 5.3 శాతం. అప్పట్లో యెన్‌ను అమ్మి ఒక లాట్, అంటే లక్ష డాలర్లు కొన్నవారికి ఏడాదికి 5,300 డాలర్లు రావాలి. ఈ లెక్కల్లో ఏడాదిని 360 రోజులుగా తీసుకుంటారు కాబట్టి రోజుకు దాదాపు 14.7 డాలర్లు. అదే రోజు డాలర్‌ను అమ్మి యెన్ కొన్నవారు ఇంచుమించు అంతే కట్టాలి. జత అదే, ధర అదే. ఏ వైపు నిలబడ్డారన్న దాన్నిబట్టి వడ్డీ రావడమో పోవడమో తేలుతుంది.

అలాగని బ్రోకర్ చేయి ఇందులో లేదనుకోకూడదు. ఇచ్చేటప్పుడు కొంత కోసుకుని, వసూలు చేసేటప్పుడు కొంత కలుపుకుంటాడు. 14.7 రావలసిన చోట 10 ఇచ్చి, అవతలివైపు 19 తీసుకుంటే ఆ నడుమ మిగిలింది అతని లాభం. రెండు దేశాల వడ్డీ రేట్లు దగ్గరదగ్గరగా ఉన్న జతల్లో ఈ కోత పెద్దదైతే కొన్నవారికీ అమ్మినవారికీ ఇద్దరికీ ఖర్చే పడుతుంది. కాబట్టి ఒకవైపు ఖర్చు కనబడితే రెండోవైపు తప్పక ఆదాయం ఉంటుందన్నది సరికాదు. రెండువైపుల అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కోత ఎంతో తేలికగా బయటపడుతుంది. వడ్డీ లేని ఖాతాలంటూ కొందరు బ్రోకర్లు ముస్లిం ఖాతాదారులకు ఇచ్చేవాటిలోనూ అదే మొత్తం నిర్వహణ రుసుము పేరుతోనో, కొనుగోలు, అమ్మకం ధరల మధ్య పెంచిన తేడాతోనో తిరిగి రావచ్చు.

అపోహ: బుధవారం రాత్రి మూడు రెట్లు వేయడం మోసం.

మార్కెట్‌కు రోజు ముగిసేది న్యూయార్క్‌లో సాయంత్రం అయిదింటికి. భారత్‌లో గడియారం చూసుకునేవారికి అది వేసవిలో తెల్లవారుజామున రెండున్నర, శీతాకాలంలో మూడున్నర. ఆ నిమిషానికి చేతిలో ఉన్న ప్రతి పొజిషన్‌కూ వడ్డీ పడుతుంది. బుధవారం ఆ సమయం దాటగానే చెల్లింపు తేదీ శుక్రవారం నుంచి సోమవారానికి జరుగుతుంది. నడుమ శని, ఆదివారాలున్నాయి కాబట్టి మూడు రోజుల వడ్డీ ఒక్కసారే లెక్కకొస్తుంది. వచ్చేవారికి మూడు రెట్లు వస్తుంది, పోయేవారికి మూడు రెట్లు పోతుంది. వారం మొత్తం మీద ఏడు రోజుల వడ్డీయే. అమెరికా, కెనడా డాలర్ల జతలో సొమ్ము ఒక్క పనిదినంలోనే చేతులు మారుతుంది కాబట్టి అక్కడ ఈ మూడు రెట్లు గురువారానికి వస్తాయి. సెలవులుంటే లెక్క ఇంకా మారుతుంది.

అపోహ: వడ్డీ వచ్చే వైపు నిలబడితే అది బ్యాంకు డిపాజిట్ లాంటి నిలకడ ఆదాయం.

ఎక్కువమందిని ముంచేది ఇదే. దీనికి మూలం ఒక లెక్క చేసే మాయ. వడ్డీని లక్ష డాలర్ల మీద కడతారు, కానీ ఖాతాదారు పెట్టిన మార్జిన్ వెయ్యి డాలర్లే అయి ఉండొచ్చు. వెయ్యి డాలర్లకు రోజుకు 14.7 అంటే దాదాపు ఒకటిన్నర శాతం. ఏడాదికి లెక్కేస్తే అయిదు వందల శాతం దాటుతుంది. ఆశ పుట్టేది ఇక్కడే. కానీ ధర కదలిక కూడా ఆ లక్ష డాలర్ల మీదే పనిచేస్తుందన్నది ఈ లెక్కలో కనబడదు. డాలర్ ఒక్క శాతం పడితే చాలు, మార్జిన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

2024 వేసవిలో జరిగింది చూస్తే ఇది తెలుస్తుంది. జులై తొలి భాగంలో డాలర్ 161 యెన్‌లు దాటింది. జులై 31న జపాన్ కేంద్ర బ్యాంకు వడ్డీని 0.25 శాతానికి పెంచింది. ఆగస్టు 2న అమెరికా ఉద్యోగాల లెక్కలు బలహీనంగా వచ్చాయి. యెన్‌ను అప్పు తెచ్చి ఇతర కరెన్సీల్లో పెట్టినవారంతా ఒకేసారి వెనక్కి మళ్లారు. ఆగస్టు 5న టోక్యోలో నిక్కీ సూచీ 12 శాతానికి పైగా పడిపోయింది. డాలర్ ఒక దశలో 142 యెన్‌ల కిందకు జారింది. జులై 10 ప్రాంతంలో 161 వద్ద ఒక లాట్ కొన్నవారికి ఈ 26 రోజుల్లో వచ్చిన వడ్డీ, కోతలేమీ లేకపోయినా, సుమారు 380 డాలర్లు. ధరలో నష్టం 19 యెన్‌లు. లక్షకు అది 19 లక్షల యెన్‌లు, అంటే 13,000 డాలర్లకు పైమాటే. వెయ్యి డాలర్ల మార్జిన్‌తో దిగినవారు ఆగస్టు దాకా మిగిలి ఉండే ప్రశ్నే లేదు. మొదటి రెండు యెన్‌ల పతనానికే వారి ఖాతా మూతపడుతుంది.

అపోహ: రోలోవర్ అంటే ఆన్‌లైన్ ట్రేడింగ్ వ్యవహారం. ఊళ్లో వ్యాపారానికి దానితో పని లేదు.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ తయారైన కార్లు విదేశాలకూ వెళుతున్నాయి. విదేశాలకు సరుకు పంపే, అక్కడినుంచి విడిభాగాలు తెప్పించే సంస్థలకు డాలర్ ధర నిత్యం వేధించే ప్రశ్న. దానికి వాడే సాధనం బ్యాంకుతో కుదుర్చుకునే ఫార్వర్డ్ ఒప్పందం. వడ్డీ తేడా అందులో ప్రీమియం రూపంలో ఉంటుంది. రూపాయి వడ్డీ డాలర్ వడ్డీ కంటే ఎక్కువ కాబట్టి రాబోయే తేదీకి డాలర్ ధర ఈనాటి ధర కంటే కొంచెం ఎక్కువ.

లెక్క తేలికగా ఉండేలా ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. హిందూపురం నుంచి దుస్తులు ఎగుమతి చేసే సంస్థకు మూడు నెలల్లో లక్ష డాలర్లు రావాలి. ఈనాటి ధర 86 రూపాయలు, ప్రీమియం ఏడాదికి 2 శాతం కంటే కొంచెం తక్కువ అనుకుంటే, మూడు నెలలకు 42 పైసలు. బ్యాంకుకు 86.42కు అమ్మేలా ఒప్పందం కుదిరింది. గడువు రోజుకు కొనుగోలుదారు సొమ్ము పంపలేదు, ఇంకో నెల అడిగాడు. డాలర్ ఈలోగా 87 అయింది. ఇప్పుడు బ్యాంకు పాత ఒప్పందాన్ని రద్దు చేస్తుంది. 86.42కు అమ్ముతానన్న డాలర్లను సంస్థ 87కు కొని పూడ్చినట్టు లెక్క. 58 పైసల తేడా, అంటే 58,000 రూపాయలు అప్పటికప్పుడు కట్టాలి. ఆ వెంటనే నెల తర్వాతి తేదీకి కొత్త ఒప్పందం కుదురుతుంది. నెల ప్రీమియం 14 పైసలు కలిపి ధర 87.14.

సొమ్ము కట్టిన రోజున ఆ 58,000 రూపాయలు రోలోవర్ జరిమానాగా కనిపిస్తాయి. అది జరిమానా కాదు. నెల తర్వాత డాలర్లు వచ్చినప్పుడు 87.14 చేతికొస్తుంది. కట్టిన 58 పైసలు తీసేస్తే మిగిలేది 86.56. మొదటి ధర మీద 14 పైసలు పైకి, అంటే లక్ష డాలర్లకు 14,000 రూపాయలు. ఎక్కువ వడ్డీ ఉన్న రూపాయి వైపు నిలబడ్డందుకు ఎగుమతిదారుకు గడువు పొడిగింపు ఆదాయం తెచ్చింది. విడిభాగాలు దిగుమతి చేసే సంస్థ ఇదే గడువు పొడిగిస్తే అదే 14 పైసలు దాని జేబులోంచి పోతాయి. ఎగుమతిదారుకు అసలు ఇబ్బంది వేరే ఉంది. డాలర్లు రాకముందే 58,000 రూపాయలు సర్దాలి. బ్యాంకు తన మార్జిన్, సేవా రుసుము కూడా కోసుకుంటుంది కాబట్టి ఆ 14 పైసలు పూర్తిగా మిగలవు. బ్యాంకు ఇచ్చే కాగితంలో రద్దు ధర, కొత్త స్పాట్ ధర, ప్రీమియం మూడూ విడివిడిగా అడిగి తీసుకుంటే ఎక్కడ ఎంత పోయిందో తెలుస్తుంది.

ఇక్కడే మరో పొరపాటు దొర్లుతుంది. మూడు నెలల ధర 86.42 ఉందంటే రూపాయి అంతకు పడుతుందని మార్కెట్ జోస్యం చెబుతోందని కొందరు అనుకుంటారు. ఆ 42 పైసలు వడ్డీ తేడా లెక్క మాత్రమే. డాలర్ ఆలోగా 84కు దిగవచ్చు, 89కి ఎక్కవచ్చు.

అపోహ: భారత ఎక్స్ఛేంజీల్లో రాత్రి వడ్డీ పడదు కాబట్టి రోలోవర్ ఖర్చే ఉండదు.

జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీలో డాలర్–రూపాయి ఫ్యూచర్స్ ఒక్కో ఒప్పందం వెయ్యి డాలర్లకు ఉంటుంది. రోజూ లాభనష్టాలు సర్దుతారు గానీ వడ్డీ పద్దు విడిగా కనబడదు. అది ధరలోనే దాగి ఉంటుంది. గడువు దగ్గరపడేకొద్దీ ప్రీమియం కరిగిపోతుంది. ఈ నెలది అమ్మి వచ్చే నెలది కొనేవారు ప్రతిసారీ ఎక్కువ ధర పెట్టాల్సి వస్తుంది. ఆ ఎక్కువే వడ్డీ. పైగా 2024 మే 3 నుంచి ఈ రూపాయి ఒప్పందాల్లో పాల్గొనేవారికి నిజమైన విదేశీ మారక అవసరం ఉండాలన్న నిబంధన స్పష్టంగా అమలవుతోంది.

విదేశీ వేదికల్లో యెన్, యూరోల మీద రాత్రి వడ్డీ సంపాదించమని ఫోన్‌లో వచ్చే ప్రకటనల సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. మార్జిన్ కోసం విదేశాలకు సొమ్ము పంపడాన్ని రిజర్వ్ బ్యాంకు అనుమతించదు. అనుమతి లేని వేదికల పేర్లతో 2022 సెప్టెంబరులో 34 పేర్ల హెచ్చరిక జాబితా విడుదల చేసి, తర్వాత దాన్ని పెంచుతూ వచ్చింది. ఆ జాబితాలో పేరు లేనంత మాత్రాన వేదికకు అనుమతి ఉన్నట్టు కాదని కూడా రిజర్వ్ బ్యాంకు చెప్పింది. నిబంధన దాటినవారిపై విదేశీ మారక నిర్వహణ చట్టం కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు.