రోట్లో జంట... నిల్వలో వేరు

ఆదివారం బిర్యానీ కోసం శనివారం రాత్రే అల్లం, వెల్లుల్లి ముద్ద నూరి, పాడవకుండా నిమ్మకాయ పిండి ఫ్రిజ్‌లో పెడతాం. తెల్లారి మూత తీస్తే ముద్ద నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. విషమైపోయిందేమోనని పారబోస్తాం. మా ఇంట్లోనూ ఎన్నోసార్లు అలాగే పారబోశాం. అది పాడవడం కాదని తెలిశాక ఆ వృథా తలచుకుంటే బాధేస్తుంది.

రంగు ఎక్కడిది?

చలిలో ఉన్న వెల్లుల్లి ఐసోఅల్లిన్ అనే గంధక పదార్థాన్ని కూడబెట్టుకుంటుంది. రెబ్బ చితికితే, కణాల్లో అప్పటిదాకా విడిగా ఉన్న అల్లినేజ్ ఎంజైము దాన్ని విడగొడుతుంది. అలా పుట్టినవి వెల్లుల్లిలోని అమైనో ఆమ్లాలతో కలిసి, ఒకదానికొకటి అతుక్కుని నీలి రంగవుతాయి. దానికి పసుపు ఛాయ తోడైతే ఆకుపచ్చ. ఆకుల్లోని పత్రహరితానికీ దీనికీ సంబంధం లేదు. నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు దీన్ని వేగిరపరుస్తుంది. ఉత్తర చైనాలో చలికాలపు వెల్లుల్లిని వెనిగర్‌లో ఊరవేసి, ఈ పచ్చదనం కోసమే ఎదురుచూస్తారు. దాన్ని లాబా వెల్లుల్లి అంటారు.

బూజైతే ఎలా తెలుస్తుంది?

ఈ రంగు ముద్దంతా పరుచుకుంటుంది, వాసన మారదు. బూజైతే పైన అక్కడక్కడా నూగులా కనిపిస్తుంది, ముక్క వాసన వేస్తుంది. అప్పుడు పారేయాల్సిందే. అసలు భయపడాల్సింది రంగే మారని చోట. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి బయట ఉంచితే, గాలి అందని ఆ నూనెలో బొట్యులిజం విషం పుట్టవచ్చు. రంగు, వాసన ఏదీ హెచ్చరించదు. అలాంటిది ఫ్రిజ్‌లోనే పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయాలి.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

వెల్లుల్లి గడ్డను గుప్పిట్లో నొక్కితే గట్టిగా, బరువుగా ఉండాలి. పొట్టు ఎండి గలగలలాడాలి. మెత్తబడిన రెబ్బలు, పచ్చని మొలక ఉన్న గడ్డలు వద్దు. ఇంటికొచ్చాక గాలి తగిలే బుట్టలో, నీడన పెట్టండి. ఫ్రిజ్ చలి రంగుకు ముడిసరుకు పోగేయడమే కాదు, బయటికి తీశాక మొలకలనూ తొందరపెడుతుంది. కొన్నది శీతల గిడ్డంగి సరుకే అయినా, కొన్ని వారాలు వెచ్చని గదిలో ఉంచితే ఆ గుణం తగ్గుతుంది.

అల్లం తీరు వేరు. తొక్క బిగువుగా, నిగనిగలాడుతూ ఉండి, కొమ్ము విరిస్తే టప్పుమనాలి. ముడతలు పడితే తేమ పోయినట్టు. విరిగిన చోట బూజుందేమో చూడండి. కడగకుండా కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారాల తరబడి నిలుస్తుంది.

రోట్లో కలిసే ఈ రెంటిలో అల్లం చల్లగా, వెల్లుల్లి పొడిగా బయట ఉండాలి. ముద్ద నూరాక నిమ్మరసం పిండకండి, కూరలో పిండుకోండి. అయినా పచ్చబడితే నిశ్చింతగా పోపులో వేయండి.