నొప్పి రాని గుండెపోటు

షుగర్ ఉన్న మనిషికి అర్ధరాత్రి ఒళ్లు చల్లబడి చెమటలు పోస్తే ఇంట్లోవాళ్లకు ముందు తట్టేది ఒక్కటే: షుగర్ పడిపోయింది. గబగబా గ్లూకోజ్ నీళ్లు కలిపి తాగిస్తారు. చాలాసార్లు అది సరైన పనే. కానీ అవే చెమటలు గుండెపోటువి కూడా కావచ్చు, ఛాతీలో నొప్పి అన్నదే లేకుండా.

చాలామంది రోగుల్లో కనిపించే వరుసను ఒక మనిషికి పెట్టి చెప్పుకుందాం. ఆయనకు 58 ఏళ్లు, కిరాణా కొట్టు. షుగర్ వచ్చి 16 ఏళ్లయింది. ఓ నెల నుంచి మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. వయసు మీద పడుతోందిలే అనుకున్నాడు. ఒక రాత్రి రెండింటికి బనియను తడిసిపోయేలా చెమట పట్టి లేచాడు. వాంతి వచ్చేలా ఉంది. భార్య గ్లూకోజ్ తాగించి, ఆ తర్వాత గ్లూకోమీటర్‌తో చూస్తే 312 ఉంది. అసలు పడిపోలేదన్నమాట. అయితే గ్యాస్ పట్టి ఉంటుందని ఈనో తాగించింది. పొద్దున్నే ఊళ్లో ఆరెంపీ వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ చేసి వెళ్లాడు. ఛాతీలో నొప్పి ఉందా అని అడగనైతే అడిగాడు. లేదన్న జవాబుతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నాలుగో రోజు రాత్రి ఆయన వెల్లకిలా పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందదు, లేచి కూర్చుంటే కాస్త నయం. అప్పుడు పట్నం తీసుకెళ్లారు. ఈసీజీలో గుండె ముందు గోడ దెబ్బతిన్న గుర్తులు అప్పటికే స్థిరపడిపోయి ఉన్నాయి. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి విడుదలయ్యే ట్రోపోనిన్ నాలుగు రోజుల తర్వాత కూడా ఎక్కువే ఉంది. ఎకోలో గుండె పంపు చేసే సామర్థ్యం 35 శాతం. మామూలుగా అది 55కు పైన ఉండాలి. రెండింటికి పట్టిన ఆ చెమటలే గుండెపోటు. రక్తనాళాన్ని తొలి రెండు మూడు గంటల్లో తెరవగలిగితే కండరంలో చాలా భాగం దక్కేది. పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని మూడు రోజులు దాటాక తెరిచినా, నిలకడగా ఉన్న రోగులకు ప్రాణం విషయంలో అదనపు లాభం లేదని 2006లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. ఆయనకు ఇక మిగిలింది జీవితాంతం మందులు.

ఇంత దెబ్బ తగిలినా నొప్పి ఎందుకు రాలేదు?

గుండెకు రక్తం చాలనప్పుడు కండరంలో కొన్ని రసాయనాలు పోగుపడి అక్కడి నరాల కొసలను రేపుతాయి. ఆ కబురు సింపథెటిక్ నరాల వెంట మెడ కింది భాగానికి, వీపు పైభాగానికి ఎదురుగా ఉండే వెన్నుపాములోకి చేరి, అక్కడి నుంచి మెదడుకు వెళుతుంది. ఎడమ చేతి నుంచి, ఛాతీ చర్మం నుంచి వచ్చే నరాలు కూడా వెన్నుపాములో దాదాపు అక్కడే కలుస్తాయి. అందుకే గుండె నొప్పి చెయ్యి గుంజినట్టు, ఛాతీ మీద బరువు పెట్టినట్టు అనిపిస్తుంది.

ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే సన్నటి నరాలు చెడిపోతాయి. వాటికి రక్తం అందించే అతి చిన్న నాళాలు కూడా మూసుకుపోతాయి. పాదాల్లో ఇదే జరిగినప్పుడు మనం తిమ్మిర్లు అంటాం. కాలి చెప్పు జారిపోయినా తెలియని షుగర్ రోగులను మీరు చూసే ఉంటారు. మన ప్రమేయం లేకుండా గుండెను, పేగులను, చెమటను, రక్తపోటును నడిపే నరాలకూ ఇదే గతి పడుతుంది. దీన్నే అటానమిక్ న్యూరోపతి అంటారు. నొప్పి లేని గుండెపోటుతో చనిపోయిన మధుమేహ రోగుల గుండెలను పరీక్షించి, అందులోని నరాలు దెబ్బతిని ఉన్నట్టు 1977లోనే అర్జెంటీనా వైద్యులు చూపించారు.

కారణం ఇదొక్కటే అనడం మాత్రం తప్పు. షుగర్ లేనివాళ్లలోనూ, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్లలో, నొప్పి లేని పోటు వస్తుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో జనాన్ని రెండేళ్లకోసారి ఈసీజీ తీస్తూ ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లకు వచ్చిన గుండెపోట్లలో నాలుగో వంతుకు పైగా, వచ్చిన సంగతి ఎవరికీ తెలియకుండా ఆ ఈసీజీలోనే బయటపడ్డాయి. అలాగే షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి గుండెపోటులో నొప్పి మామూలుగానే వస్తుంది. కాబట్టి తెలుసుకోవలసింది ఇదే: నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చు, కానీ నొప్పి లేదు కాబట్టి గుండెపోటు కాదని అనడానికి వీల్లేదు.

నరాలు చెడాయో లేదో ముందే పసిగట్టడం ఎలా? నాడి చెబుతుంది. గుండెకు వేగస్ నరం బ్రేకు, సింపథెటిక్ నరాలు యాక్సిలరేటర్. వేగస్ చాలా పొడవైన నరం కాబట్టి షుగర్ దెబ్బ తరచుగా ముందు దానికే తగులుతుంది. బ్రేకు వదులైతే, ఊరికే కూర్చున్నా నాడి నిమిషానికి 100 చుట్టూ కొట్టుకుంటుంది. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ లేకుండా అలా ఉంటే అనుమానించాలి. తర్వాత యాక్సిలరేటర్ కూడా పోతుంది. అప్పుడు లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఎందుకంటే నిలబడినప్పుడు కాళ్లలోకి దిగే రక్తాన్ని పైకి నెట్టేలా నాళాలను బిగించాల్సింది ఆ నరాలే.

దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఏ క్లినిక్‌లోనైనా ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూస్తే చాలు. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడితే అది లెక్కలోకి వస్తుంది. మన కొట్టాయనకు పడుకున్నప్పుడు 146/84, నాడి 100. నిలబడ్డ నిమిషానికి 118/72, నాడి 102. ఇక్కడ బీపీ పడిపోవడం కంటే విలువైన ఆధారం నాడి. ఒంట్లో నీరు తగ్గడం వల్లో, బీపీ మాత్రల వల్లో బీపీ పడితే గుండె వెంటనే వేగం పెంచి సర్దుకుంటుంది. బీపీ 28 పడినా నాడి రెండే పెరిగిందంటే ఆ కబురు మోసే నరాలు లేవన్నమాట. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లలో మాత్రం ఈ లెక్క సరిపోదు, వాటి పనే నాడిని తగ్గించడం.

ఇంకో పరీక్ష ఇంకా సులువు. ఈసీజీ తీస్తూ నిమిషానికి ఆరుసార్లు, నెమ్మదిగా, గుండెల నిండా ఊపిరి తీసి వదలమంటారు. ఆరోగ్యంగా ఉన్న గుండె ఊపిరి పీల్చినప్పుడు వేగం పెంచి, వదిలినప్పుడు తగ్గిస్తుంది. పడుచువాళ్లలో ఈ తేడా 15 పైనే ఉంటుంది, వయసుతో తగ్గుతుంది. పది కంటే తక్కువైతే నరం చెడిందని అనుమానించాలి. మన దగ్గర షుగర్ క్లినిక్‌లలో పాదాలకు మోనోఫిలమెంట్ గుచ్చి చూస్తారు, కంటికి రెటీనా పరీక్ష రాస్తారు, నిలబెట్టి బీపీ చూడటం మాత్రం ఎక్కడో తప్ప చూడరు. ఖర్చు లేని పరీక్షను పట్టించుకునేవాళ్లు తక్కువేమో.

ఈ నరాలు చెడినప్పుడు ఇంకొన్ని జాడలు కనిపిస్తాయి. రెండు ముద్దలకే కడుపు నిండిపోయి గంటల తరబడి ఉబ్బరంగా ఉండటం, పాదాలకు చెమట పట్టకపోవడం, అన్నం తింటుంటే ముఖం, మెడ చెమటతో తడవడం, మగవాళ్లలో అంగస్తంభన లోపం. ఈ చివరి దాన్ని చాలామంది డాక్టరుకు చెప్పరు. చెప్పాలి. అది నరాలకే కాదు, రక్తనాళాలకూ సాక్ష్యం.

అయితే షుగర్ ఉన్న ప్రతివాళ్లకీ ముందుజాగ్రత్తగా గుండె స్కాన్లు, యాంజియోగ్రామ్ చేయించాలా? డయాడ్ అనే పరిశోధనలో ఏ లక్షణమూ లేని 1,123 మంది టైప్ 2 మధుమేహ రోగులను తీసుకుని, సగం మందికి గుండె స్కాన్ చేశారు. స్కాన్ చేసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి నిశ్శబ్దంగా రక్తం చాలని జాడ కనిపించింది. దాన్ని బలంగా సూచించిన వాటిలో నరాల పరీక్ష ఒకటి. అయినా, దాదాపు ఐదేళ్లు గడిచాక చూస్తే స్కాన్ చేయించుకున్నవాళ్లకూ చేయించుకోనివాళ్లకూ గుండెపోట్లు, గుండె మరణాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ‘షుగర్ ప్యాకేజీ’ పేరుతో అందరికీ రాసే పరీక్షల మీద నాకు నమ్మకం తక్కువ. లక్షణాలున్నవాళ్లకు, ఈసీజీలో తేడా ఉన్నవాళ్లకు, నరాలు చెడినట్టు తేలి కొత్తగా కఠిన వ్యాయామం మొదలుపెట్టబోయేవాళ్లకు మాత్రం డాక్టరు అడిగితే చేయించుకోవలసిందే. నరాలు చెడినవాళ్లు ఆపరేషన్‌కు ముందు ఆ సంగతి మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. మత్తులో వాళ్ల బీపీ ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది.

నొప్పి కబురు అందనప్పుడు గుండె వేరే దారుల్లో చెప్పుకుంటుంది. వాటిలో ముందు నిలిచేది ఆయాసం. నిన్నటిదాకా ఆగకుండా ఎక్కిన మెట్లకు ఈరోజు మధ్యలో ఆగాల్సి వస్తే, పడుకుంటే దగ్గు, ఊపిరాడకపోవడం మొదలైతే, అది వయసు కాదు. ఆ తర్వాత చల్లటి చెమట, కారణం తెలియని విపరీతమైన నీరసం, వికారం, పొట్ట పైభాగంలో బరువు, దవడ లేదా భుజం లాగడం, స్పృహ తప్పడం. ముసలివాళ్లలో ఒక్కసారిగా తికమకగా మాట్లాడటం కూడా. ఇంకోటి ఎవరూ పట్టించుకోరు: తిండి, మందులు మారకుండా షుగర్ అకస్మాత్తుగా 300 దాటి దిగకపోవడం. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు విడుదలయ్యే హార్మోన్లు షుగర్‌ను ఎగదోస్తాయి. ఇన్ఫెక్షన్ దొరక్కపోతే గుండెను చూడాలి.

చెమటలు పట్టిన రాత్రి చేయాల్సింది ఇది. మీటర్ అందుబాటులో ఉంటే ముందు షుగర్ చూడండి. 70 లోపు ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మీటర్ లేకపోతే గ్లూకోజ్ ఇవ్వడమే మేలు. మొదటి అంకె 70 పైన ఉన్నా, గ్లూకోజ్‌తో షుగర్ పెరిగినా చెమట, ఆయాసం తగ్గకపోయినా ఇక అది లో షుగర్ కాదని అనుకుని 108కు ఫోన్ చేయండి. ఈనో, గ్యాస్ మాత్రలతో తెల్లారేదాకా చూడొద్దు. సార్బిట్రేట్ నాలుక కింద పెట్టే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. నిలబడితే బీపీ పడిపోయే మనిషికి అది ప్రమాదం, బీపీ చూడకుండా పెట్టకండి. రక్తస్రావం, అల్సర్, ఆస్పిరిన్ పడకపోవడం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చా అని ఫోన్లోనే అడగండి.

ఆసుపత్రిలో మొదటి ఈసీజీ బాగుందని పంపించేస్తే ఒప్పుకోకండి. గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగా కనిపించవచ్చు, ట్రోపోనిన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. రెండూ మళ్లీ చేయమని అడగండి. ‘షుగర్ ఇన్నేళ్లుగా ఉంది, నొప్పి తెలియకపోవచ్చు’ అన్న మాట డాక్టరు అడగకముందే మీరే చెప్పండి.